సీసా లేబుల్ ఫోటో చూసి చక్కెరను చెంచాల్లో లెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలం వస్తే తిరుపతిలోని మా బంధువులూ ఇరుగుపొరుగువారూ కూల్‌డ్రింకు సీసా వెనుక ఉన్న పట్టికను ఫోటో తీసి, ఇందులో ఎన్ని చెంచాల చక్కెర ఉందో చెప్పమని నాకు పంపుతుంటారు. లెక్క ఐదో తరగతి పిల్లలు చేయగలిగినదే అయినా, వచ్చే జవాబులు చాలాసార్లు సగానికి సగం తప్పుతుంటాయి. తప్పు గుణకారంలో జరగదు, ఫోటోలోని ఏ అంకెను తీసుకోవాలన్న దగ్గరే జరుగుతుంది. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ విషయానికే ఇచ్చాను.

అసలు లెక్క ఏమిటి?

మూడు అంకెలు కావాలి: ఒక సర్వింగులో, అంటే లేబుల్ లెక్కన ఒకసారి తాగే మోతాదులో, చక్కెర ఎన్ని గ్రాములు, ఆ సర్వింగు ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం సీసా ఎన్ని మిల్లీలీటర్లు. సీసా పరిమాణాన్ని సర్వింగు పరిమాణంతో భాగిస్తే సీసాలో ఎన్ని సర్వింగులు ఉన్నాయో తెలుస్తుంది. దాన్ని ఒక సర్వింగులోని చక్కెరతో గుణిస్తే సీసా మొత్తంలోని చక్కెర గ్రాముల్లో వస్తుంది. ఆ గ్రాములను 4తో భాగిస్తే చెంచాలు.

ఈ మూడింటిలో మొదటి రెండు వెనుక పట్టికలో ఉంటాయి. మూడోది, అంటే నెట్ క్వాంటిటీ, తరచుగా పట్టికకు దూరంగా, ముందువైపునో కింది అంచులోనో ఉంటుంది. పట్టికను మాత్రమే ఫోటో తీసి సీసాను పారేసినవారు సీసా పరిమాణాన్ని జ్ఞాపకం మీద చెబుతారు. 500 మి.లీ., 600 మి.లీ. సీసాలు చేతిలో దాదాపు ఒకేలా ఉంటాయి కనుక ఆ జ్ఞాపకాన్ని నేను నమ్మను.

ఒక ఉదాహరణతో పూర్తిగా చూపగలరా?

మా మేనల్లుడు పోయిన వేసవిలో అలిపిరి నుంచి మెట్లదారి పట్టే ముందు ఒక మామిడి డ్రింకు తాగి, లేబుల్‌ను రెండు ఫోటోలు తీసి పంపాడు. సీసా 600 మి.లీ. సర్వింగు 200 మి.లీ. అని, సీసాలో 3 సర్వింగులు ఉన్నాయని ఉంది. పట్టికలో 100 మి.లీ.కి శక్తి 56 కిలో కేలరీలు, కార్బోహైడ్రేట్ 13.8 గ్రాములు, అందులో టోటల్ షుగర్స్ 13.5 గ్రాములు, యాడెడ్ షుగర్స్ 11.6 గ్రాములు అని ఉన్నాయి. ఫోటో కింద అతను ఇలా రాశాడు: "మామా, మూడు సర్వింగులు కదా, మూడు పదమూడున్నరలు నలభైన్నర. అంటే పది చెంచాలే కదా?"

కాదు, ఇరవై. ఆ 13.5 గ్రాములు సర్వింగుకు కాదు, 100 మి.లీ.కి. 200 మి.లీ. సర్వింగుకు 27 గ్రాములు, మూడు సర్వింగులకు 81 గ్రాములు, దాన్ని 4తో భాగిస్తే 20 చెంచాలకు కొంచెం పైన. అతను ఒక వరుసలోని అంకెను మరో వరుసకు చెందిన సంఖ్యతో గుణించాడు. జవాబు సరిగ్గా సగమై వచ్చింది. అదే సర్వింగు 250 మి.లీ. అయి ఉంటే జవాబు రెండున్నర రెట్లు తక్కువ వచ్చేది.

నమ్మకం కుదరక అతను ఆ సాయంత్రం ఇంట్లో ఆ 81 గ్రాముల చక్కెరను తూచి గాజు గ్లాసులో పోసి చూశాడట. 200 మి.లీ. గ్లాసులో సగానికి కొద్దిగా తక్కువ వరకు వచ్చింది. రావలసిందీ అంతే, ఎందుకంటే 81 గ్రాముల మామూలు చక్కెర దాదాపు 95 మి.లీ. చోటు ఆక్రమిస్తుంది.

పట్టికలో ఉన్నది 100 మి.లీ. అంకెనా, సర్వింగు అంకెనా అని ఎలా తెలుసుకోవాలి?

మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం పోషక విలువలను 100 మి.లీ.కి లేదా 100 గ్రాములకు ఇవ్వాలి, ఒకేసారి తాగేసే చిన్న ప్యాకు అయితే ప్యాకు మొత్తానికి ఇవ్వవచ్చు. దాని పక్కన, ఒక సర్వింగు తాగితే రోజువారీ మోతాదులో ఎంత శాతం అవుతుందో చూపాలి. కాబట్టి మన సీసాల మీద తరచుగా కనిపించే అమరికలో గ్రాముల వరుస 100 మి.లీ.ది, శాతాల వరుస సర్వింగుది. రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల, గ్రాములు కూడా సర్వింగుకే అనుకోవడం సహజం. కొన్ని లేబుళ్ళలో మూడో వరుసగా సర్వింగుకు గ్రాములు కూడా ఉంటాయి. విదేశాల నుంచి వచ్చిన కొన్ని డబ్బాల మీద సర్వింగు అంకె ఒక్కటే ఉండవచ్చు.

అందువల్ల ఫోటోలో ముందుగా చదవవలసింది చక్కెర వరుసను కాదు, పట్టిక తలకట్టును. తలకట్టు ఫోటోలో తెగిపోయి ఉంటే శక్తి అంకె కొంత దారి చూపుతుంది. మామూలు తీపి పానీయాలలో 100 మి.లీ.కి సుమారు 40 నుంచి 60 కిలో కేలరీలు ఉంటాయి. మీ ఫోటోలోని అంకె 110 అని ఉంటే అది 200 మి.లీ. సర్వింగుది అయ్యే అవకాశమే ఎక్కువ. ఇది అనుమానం తీర్చుకోవడానికి పనికొచ్చే మాటే కానీ రుజువు కాదు. పాలతో చేసిన పానీయాలలో 100 మి.లీ.కే అంతకంటే ఎక్కువ ఉండవచ్చు.

100 మి.లీ. అంకె కచ్చితంగా దొరికితే ఇక సర్వింగు గొడవే అవసరం లేదు. సీసా మిల్లీలీటర్లను 100తో భాగించి ఆ అంకెతో గుణించండి. 600 మి.లీ. సీసాకు ఆరు పదమూడున్నరలు, అదే 81. దగ్గరి దారీ, తప్పు తక్కువ జరిగే దారీ ఇదే.

సర్వింగుల సంఖ్య సీసాకు సరిపోకపోతే?

750 మి.లీ. సీసా మీద సర్వింగు 200 మి.లీ. అనీ, సుమారు 4 సర్వింగులు అనీ ఉంటుంది. భాగిస్తే వచ్చేది 3.75. లెక్కకు ఎప్పుడూ భాగించి వచ్చినదాన్నే తీసుకోవాలి. సర్వింగుకు 21 గ్రాములు అనుకుంటే, 4తో గుణిస్తే 84 గ్రాములు, 3.75తో గుణిస్తే దాదాపు 79 గ్రాములు. తేడా ఒక చెంచా పైచిలుకే. పెళ్ళిళ్ళకు తెచ్చే 2.25 లీటర్ల సీసాలకు కూడా ఇదే పద్ధతి, అక్కడ 200 మి.లీ. సర్వింగులు 11.25 వస్తాయి.

చెంచాకు 4 గ్రాములే ఎందుకు? మా ఇంటి చెంచాలో అంతకంటే ఎక్కువ పడుతుంది కదా?

పడుతుంది. ఈ లెక్కలో చెంచా అంటే 5 మి.లీ. పట్టే టీస్పూను, అదీ పైభాగాన్ని కత్తి వీపుతో గీసి చదును చేసినది. అందులో సాధారణ చక్కెర 4 గ్రాములకు కొద్దిగా పైన, దాదాపు 4.2 గ్రాములు పడుతుంది. నోటిలెక్కకు వీలుగా 4 అంటాం. 81 గ్రాములను 4.2తో భాగిస్తే 19.3 వస్తుంది, 4తో భాగిస్తే 20.25. సీసా మొత్తం మీద ఒక చెంచా తేడాను నేను పట్టించుకోను. దశాంశాలతో 20.25 చెంచాలు అని రాయడం మాత్రం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే, "సుమారు 20" అంటే చాలు.

అయితే మనం కాఫీలో వేసుకునే చెంచా ఎప్పుడూ చదునుగా ఉండదు, కుప్పగా ఉంటుంది. మా ఇంట్లో చక్కెర డబ్బాలో ఉండే స్టీలు చెంచాతో, రోజూ తీసుకునేట్టే కుప్పగా పది చెంచాలు తీసి వంటింటి తూకం మీద పోస్తే 63 గ్రాములు తూగింది, అంటే చెంచాకు ఆరు గ్రాముల పైనే. ఆ చెంచాతో చెప్పాలంటే మా మేనల్లుడి సీసాలో 13 చెంచాలే. రెండూ నిజమే, అయితే ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకే చెంచా గురించి మాట్లాడాలి. మీ ఇంటి చెంచాతో చెప్పాలనుకుంటే ఒక్క చెంచాను కాకుండా పది చెంచాలను కలిపి తూచి, పదితో భాగించండి. వంటింటి తూకాలలో చాలావాటికి ఒక గ్రాము కంటే చిన్న తేడాలు తెలియవు కనుక ఒక్క చెంచా తూకం నమ్మదగినది కాదు.

ఫోటో మసకగా ఉంది. 10.6నా, 16.6నా, 19.6నా తెలియడం లేదు. ఏం చేయాలి?

చల్లని సీసా మీద తేమ బొట్లు, ప్లాస్టిక్ మీద ట్యూబులైటు మెరుపు, గుండ్రటి సీసా అంచున వంగిపోయిన అక్షరాలు, వీటివల్ల 0, 6, 8, 9 ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. దశాంశ బిందువు మాయమై 10.6 కాస్తా 106 అవుతుంది. ఊహించి రాయకండి, పట్టికలోనే సరిచూసుకునే దారులు రెండు ఉన్నాయి.

మొదటిది శక్తి. ఒక గ్రాము చక్కెర 4 కిలో కేలరీలు ఇస్తుంది. సోడా రకం పానీయాలలో కొవ్వు, ప్రోటీను దాదాపు ఉండవు కాబట్టి అక్కడ శక్తి మొత్తం చక్కెర నుంచే వస్తుంది. 100 మి.లీ.కి 43 కిలో కేలరీలు అని స్పష్టంగా కనిపిస్తే, దాన్ని 4తో భాగిస్తే 10.75. చక్కెర అంకె 10.6 అయితే సరిపోతుంది. 16.6 అయి ఉంటే శక్తి కనీసం 66 ఉండాలి, 19.6 అయితే 78 ఉండాలి. ఇక 106 సంగతి చెప్పనక్కర్లేదు, 100 మి.లీ. పానీయంలో 106 గ్రాముల చక్కెర అంటే అది పానీయం కాదు, పాకం కంటే చిక్కనిది.

రెండోది శాతం. యాడెడ్ షుగర్స్ ఎదురుగా ఉండే శాతాన్ని మన దేశంలో రోజుకు 50 గ్రాములను ప్రాతిపదికగా తీసుకుని లెక్కిస్తారు. మామిడి డ్రింకు లేబుల్ మీద ఆ శాతం 46 అని ఉంది. 50లో 46 శాతం 23 గ్రాములు. 200 మి.లీ.కి 23 అంటే 100 మి.లీ.కి 11.5, లేబుల్ మీది 11.6కు పక్కనే ఉంది. శాతాన్ని పూర్ణాంకానికి సవరించి ముద్రించడం వల్ల ఆ మాత్రం తేడా వస్తుంది. గ్రాముల వరుస పూర్తిగా తెగిపోయి, శాతం ఒక్కటే కనిపించే ఫోటోలో కూడా ఈ దారిన వెనక్కి వెళ్ళి యాడెడ్ షుగర్స్ రాబట్టవచ్చు. అలా రాబట్టినది సర్వింగు అంకె అని మరవకూడదు. టోటల్ షుగర్స్ మాత్రం ఈ శాతం నుంచి తెలియదు.

సోడా రకం పానీయాలలో చక్కెర అంతా కలిపినదే కనుక, అక్కడ రెండు దారులూ 100 మి.లీ.కి ఒకే అంకె దగ్గర కలిస్తే ఆ చదువు సరైనదే. కలవకపోతే మళ్ళీ ఫోటో అడగడమే మంచిది.

టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ అని రెండు ఉన్నాయి. రెండింటినీ కలపాలా?

కలపకూడదు. యాడెడ్ షుగర్స్ అనేది టోటల్ షుగర్స్‌లో ఒక భాగం. పట్టికలో దాన్ని కొంచెం లోపలికి జరిపి రాస్తారు కానీ, వంకర ఫోటోలో ఆ జరుపు కనిపించదు. ఈ తప్పు నేను పలుమార్లు చూశాను. మామిడి డ్రింకునే తీసుకుంటే 13.5, 11.6 కలిపి 25.1 అనుకుంటే 100 మి.లీ.కి శక్తి 100 కిలో కేలరీలు దాటాలి, లేబుల్ మీద ఉన్నది 56.

రెండింటి తేడా 1.9 గ్రాములు. అది పండు నుంచి వచ్చిన చక్కెర. మన చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు తోలేవారికి బ్రిక్స్ అనే మాట కొత్త కాదు, గుజ్జులో కరిగి ఉన్న పదార్థం శాతం అది, అందులో ఎక్కువ భాగం చక్కెరే. తోతాపురి గుజ్జు 14 బ్రిక్స్ అనుకుందాం. ఆ సీసా మీద మామిడి గుజ్జు 14 శాతం అని కూడా ఉంది. 100 మి.లీ.లో సుమారు 14 గ్రాముల గుజ్జు, అందులో 14 శాతం అంటే దాదాపు 2 గ్రాములు. లేబుల్ మీది తేడా 1.9తో సరిపోయింది. మిగిలిన 11.6 గ్రాములు ఫ్యాక్టరీలో కలిపినవే.

చెంచాలుగా మార్చవలసినది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. సీసాలో ఎంత చక్కెర ఉంది అంటే టోటల్, సుమారు 20 చెంచాలు. బయటి నుంచి ఎంత కలిపారు అంటే యాడెడ్, 69.6 గ్రాములు, 17 చెంచాలకు కొంచెం పైన. రోజుకు 50 గ్రాములన్న లెక్కతో పోల్చేటప్పుడు యాడెడ్‌నే వాడాలి, ఆ ఒక్క సీసాతోనే 139 శాతం అవుతుంది. షుగరు జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ విడదీత పనికిరాదు. రక్తంలో గ్లూకోజు పెంచడంలో పండు చక్కెర, కలిపిన చక్కెర అన్న తేడా పానీయంలో పెద్దగా ఉండదు కనుక వారు చూడవలసినది మొత్తం కార్బోహైడ్రేట్.

బాదం పాల వంటి పానీయాలకు కూడా ఇదే లెక్కా?

గ్రాములను చెంచాలుగా మార్చేది ఇలాగే, కానీ సరిచూసుకునే పద్ధతి మారుతుంది. పాలలో కొవ్వు, ప్రోటీను ఉంటాయి కాబట్టి శక్తిని 4తో భాగిస్తే చక్కెర రాదు. పాలలో సహజంగా ఉండే లాక్టోసు కూడా టోటల్ షుగర్స్‌లోకే వస్తుంది, 100 మి.లీ. పాలలో అది నాలుగున్నర, ఐదు గ్రాముల మధ్య ఉంటుంది. చక్కెర వేయని పాలకు కూడా చెంచా పైగా లెక్క తేలడం చూసి కొందరు కంగారు పడతారు, అది లాక్టోసే.

నన్నారి షర్బత్ సీసాకు ఎలా లెక్కించాలి?

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. షర్బత్‌ను సీసాతో తాగం, నీళ్ళో సోడానో కలుపుకుని తాగుతాం. అందుచేత ముందుగా పట్టికలోని అంకె పాకానికా, కలిపిన గ్లాసుకా అన్నది చదవాలి. పాకానికైతే 100కు 60కి పైగా గ్రాములు కనిపిస్తాయి, కలిపిన గ్లాసుకైతే అందులో అయిదో వంతో ఆరో వంతో ఉంటుంది.

రెండో చిక్కు బరువు. కొన్ని సీసాల మీద పట్టిక 100 గ్రాములకు, నెట్ క్వాంటిటీ మిల్లీలీటర్లలో ఉంటుంది. పలుచని పానీయాలలో ఈ తేడా చిన్నది, 13 శాతం చక్కెర ఉన్న పానీయం మిల్లీలీటరుకు 1.05 గ్రాములు తూగుతుంది, అంతే. పాకం అలా కాదు. 65 శాతం చక్కెర ఉన్న పాకం మిల్లీలీటరు 1.3 గ్రాములకు పైనే తూగుతుంది. 700 మి.లీ. సీసాను తీసుకుంటే పాకం బరువు దాదాపు 910 గ్రాములు, అందులో 65 శాతం అంటే 590 గ్రాముల చక్కెర, సుమారు 148 చెంచాలు. బరువు సంగతి మరిచి 700ను నేరుగా 65 శాతంతో గుణిస్తే 455 గ్రాములే వస్తాయి, ముప్పైకి పైగా చెంచాలు లెక్కలోంచి జారిపోతాయి.

ఈ సీసా మొత్తం లెక్క ఇంటి సరుకుల చీటీకి పనికొస్తుందేమో కానీ తాగేవారికి అక్కరకు రాదు. గ్లాసుకు 30 మి.లీ. పాకం పోసుకుంటే 39 గ్రాములు, అందులో చక్కెర 25 గ్రాములు, ఆరు చెంచాలు దాటుతుంది. బండి దగ్గర నిమ్మకాయ పిండి సోడా కొట్టి ఇచ్చే గ్లాసులో పాకం ఎంత పోశారన్నది వారి చేతి అలవాటు, దానికి లేబుల్ లేదు.

షుగర్ ఫ్రీ, జీరో అని రాసి ఉంటే?

టోటల్ షుగర్స్ 0 అయితే చెంచాలు కూడా సున్నాయే. తీపి వేరే పదార్థం నుంచి వస్తుంది, దానిని చక్కెర చెంచాలుగా మార్చడం కుదరదు. "నో యాడెడ్ షుగర్" అన్నది వేరే సంగతి, అందులో పండు చక్కెర ఉంటుంది కనుక టోటల్ అంకెను చూసి లెక్క వేయాలి.

ఫోటో ఎలా తీస్తే మళ్ళీ అడగవలసిన పని ఉండదు?

సీసాను తుడిచి, నీడలో పెట్టి, జానెడు దూరం నుంచి కాకుండా మూరెడు దూరం నుంచి జూమ్ చేసి తీస్తే సీసా వంపు తగ్గి కనిపిస్తుంది. పట్టిక సీసా చుట్టూ తిరిగి ఉంటే సీసాను కొంచెం తిప్పి రెండు ఫోటోలు తీయండి, రెండింటిలోనూ తలకట్టు కనిపించాలి. మూడోది నెట్ క్వాంటిటీ ఉన్న వైపు. తిరుమల కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్ళనివ్వరు కనుక, కింద పారేసే ముందే ఈ మూడూ అయిపోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి చిన్న అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఐసు వేసుకుంటే చక్కెర తగ్గుతుందా?

గ్లాసులో తీపి తగ్గుతుంది, చక్కెర తగ్గదు. సీసా మొత్తం తాగితే ఐసుతోనైనా, ఐసు లేకుండానైనా అవే 81 గ్రాములు. ముగ్గురు సమానంగా పంచుకుంటే మాత్రం ఒక్కొక్కరికి 27 గ్రాములు, దాదాపు ఏడు చెంచాలు.